మూసీ వరద లెక్కలు: పరిమాణక్రమ పరిశీలనకు 1908 నాటి ఒక చారిత్రక ఆధారం

వ్యాససంగ్రహం:

గణించిన జవాబు భౌతికంగా సాధ్యమేనా అని స్థూలంగా సరిచూసుకోవడాన్ని పరిమాణక్రమ పరిశీలన అంటారు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు పాతనగరాన్ని ముంచెత్తిన మూసీ వరదకు మోక్షగుండం విశ్వేశ్వరయ్య నిర్ధారించిన గరిష్ఠ ప్రవాహాన్ని ఈ వ్యాసం రెండు స్వతంత్ర మార్గాల్లో పరీక్షిస్తుంది. నవాబు అలీ నవాజ్ జంగ్ పేరిట జలశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఉన్న వరద సూత్రాన్ని పరీక్షలో ప్రయోగించేటప్పుడు జరిగే రెండు పొరపాట్లను ఆ వరద నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: మూసీ వరద, క్యూసెక్కు, పరీవాహక ప్రాంతం, పరిమాణక్రమం, పురానాపూల్, అలీ నవాజ్ జంగ్ సూత్రం.

ఉపోద్ఘాతం:

1908 సెప్టెంబరు 28 నాటి వరద హైదరాబాదు చరిత్రలో ఒక హద్దురాయి. ఆనాడు అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ ఒక్కటే నిలిచింది. నదికి ఇరుపక్కలా ఉన్న పేటలు నేలమట్టమయ్యాయి. మృతుల సంఖ్య దాదాపు 15,000 అని సాధారణంగా చెబుతారు. ఈ విషాదాన్ని గురించి ఉర్దూలోను, తెలుగులోను, ఆంగ్లంలోను చాలా రచనలు వచ్చాయి. అవి ఎక్కువగా మానవ నష్టాన్ని, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేపట్టిన సహాయ చర్యలను, అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికినవారి కథను చెబుతాయి. వరద ఎంత అన్న ప్రశ్నకు మాత్రం ఒక అంకెను ఎత్తి రాసి ముందుకు సాగిపోతాయి.

ఆ అంకె 4,25,000 క్యూసెక్కులు. నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై 1909లో హైదరాబాదుకు వచ్చిన విశ్వేశ్వరయ్య, అదే సంవత్సరం అక్టోబరు 1న సమర్పించిన నివేదికలో నిర్ధారించిన గరిష్ఠ ప్రవాహం అది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల ఉమ్మడి పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లనీ, అందులో 788 చెరువులుండగా 221 తెగిపోయాయనీ, శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన కురిసిందనీ కూడా ఆయన నమోదు చేశారు.

ఈ నాలుగైదు అంకెలు ఒకదానికొకటి పొసగుతున్నాయా? ఇంజనీరింగు విద్యార్థి పరీక్షలో తన జవాబు కింద గీత గీసే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇదే. చరిత్ర పరిశోధకుడు ఒక అంకెను ఉటంకించే ముందు వేసుకోవలసిన ప్రశ్న కూడా దీనికి భిన్నమైనది కాదు. ముద్రణలో ఒక సున్నా జారిపోయినా, ఒకటి ఎక్కువైనా అది తరతరాలుగా అలాగే నకలవుతూ పోతుంది.

వానతో సరిచూడడం:

నదిలో పారే నీరు వాన నుంచే రావాలి. కనుక ప్రవాహాన్ని పరీవాహక విస్తీర్ణంతో భాగిస్తే, ఆ నేల అంతటి మీద నుంచి గంటకు ఎంత మందం నీరు జారిందో తెలుస్తుంది. దీనికి పాత అడుగుల కొలమానంలో ఒక సౌకర్యముంది. ఒక ఎకరం 43,560 చదరపు అడుగులు. దానిపై ఒక అంగుళం నీరు నిలిస్తే 3,630 ఘనపుటడుగులు. అది ఒక గంటలో, అంటే 3,600 సెకన్లలో జారిపోతే సెకనుకు 1.008 ఘనపుటడుగులు. అంటే ఎకరానికి గంటకు అంగుళం నీరు ఇంచుమించు ఒక క్యూసెక్కుకు సమానం. ఇది యాదృచ్ఛికంగా కుదిరిన సామ్యమే అయినా, కాగితం అవసరం లేకుండా వరద లెక్కలను తూచడానికి ఇంతకంటే మంచి తక్కెడ లేదు. మెట్రిక్ కొలమానానికి మారినప్పుడు విద్యార్థులు పోగొట్టుకున్న సాధనాల్లో ఇదొకటి.

862 చదరపు మైళ్లను 640తో గుణిస్తే 5,51,680 ఎకరాలు. 4,25,000 క్యూసెక్కులను ఆ ఎకరాలతో భాగిస్తే గంటకు 0.77 అంగుళం వస్తుంది. శంషాబాదు వానను 24 గంటలకు సమంగా పంచితే గంటకు 0.53 అంగుళం. రెండూ ఒకే పరిమాణక్రమానికి చెందినవి. వరద అంకెలో ఒక సున్నా ఎక్కువై ఉంటే నేల మీద నుంచి గంటకు 7.7 అంగుళాలు జారాలి. ఒక రోజంతా కురిసిన 12.8 అంగుళాల వానకు అది అసాధ్యం. ఒక సున్నా తక్కువై ఉంటే జారిన నీరు గంటకు 0.08 అంగుళమే. అప్పుడు వానలో ఆరోవంతు కూడా నదికి చేరలేదని చెప్పవలసి ఉంటుంది. రాతి నేల మీద అంత కుండపోతగా కురిసిన వానకు అదీ నమ్మదగినది కాదు. మొదటి పరీక్షలో విశ్వేశ్వరయ్య అంకె నిలిచింది.

అయితే ఇక్కడ ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. 0.77 అనేది 0.53 కన్నా ఎక్కువ. సగటు వాన కన్నా నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్నదన్నమాట. అదీ నేలలో ఒక్క చుక్క ఇంకలేదనుకుని, శంషాబాదులో కురిసినంత వాన పరీవాహక ప్రాంతమంతటా కురిసిందనుకుని వేసిన లెక్క. ఈ రెండూ ఉదారమైన ఊహలే. తేడా గంటకు 0.24 అంగుళం, అంటే సుమారు 1,30,000 క్యూసెక్కులు. ఇదెక్కడి నుంచి వచ్చింది?

దీనికి రెండు సమాధానాలు సాధ్యం. వాన 24 గంటలూ ఒకే తీరున కురవదు. కొన్ని గంటలు సగటును మించి కురిస్తే శిఖర ప్రవాహం సగటును దాటుతుంది. రెండోది, తెగిన చెరువులు. ఆ తేడా అంతా చెరువుల నుంచే వచ్చిందనుకొని, అది ఆరు గంటల పాటు సాగిందని ఊహిస్తే 280 కోట్ల ఘనపుటడుగుల నీరు కావాలి. దానిని 221 చెరువులకు పంచితే ఒక్కొక్క చెరువుకు 1.28 కోట్ల ఘనపుటడుగులు వస్తుంది. ఇది 75 ఎకరాల విస్తీర్ణంలో నాలుగడుగుల లోతున నిలిచే నీటికి సమానం. తెలంగాణ పల్లె చెరువు గురించి తెలిసినవారెవరికీ ఇది అతిశయోక్తిగా తోచదు. ఆరు గంటలన్నది ఊహే. మూడు గంటలైనా, పన్నెండు గంటలైనా చెరువు పరిమాణం సగానికి తగ్గడమో రెట్టింపు కావడమో జరుగుతుంది తప్ప ఊరి చెరువు సముద్రమైపోదు. నేలలో ఇంకిన నీటిని లెక్కలోకి తీసుకుని, వానలో పది పాళ్లలో ఏడే నదికి చేరిందనుకున్నా చెరువుకు 2.2 కోట్ల ఘనపుటడుగులకు మించదు.

ఈ లెక్క చెరువులే వరదకు కారణమని నిరూపించదు. చెరువుల తెగుడు శిఖర ప్రవాహాన్ని గణనీయంగా పెంచి ఉండడం అంకెల దృష్ట్యా సాధ్యమే అని మాత్రం చెబుతుంది. విశ్వేశ్వరయ్య తెగిన చెరువుల సంఖ్యను ఎందుకంత శ్రద్ధగా నమోదు చేశారో దీనిని బట్టి అర్థమవుతుంది.

మరొక దిశ నుంచి కూడా ఒక హద్దు దొరుకుతుంది. 862 చదరపు మైళ్లపై 12.8 అంగుళాల వాన మొత్తం 2,560 కోట్ల ఘనపుటడుగులు, అంటే 25.6 టీఎంసీలు. 4,25,000 క్యూసెక్కుల వేగంతో ఇదంతా పారిపోవడానికి 17 గంటలు చాలు. కాబట్టి ఆ శిఖర ప్రవాహం రోజంతా నిలిచి ఉండడం సాధ్యం కాదు. రోజంతా మూసీ అదే స్థాయిలో పారిందని ఏ రచనలోనైనా కనిపిస్తే దానిని అలంకారంగానే స్వీకరించాలి.

పురానాపూల్‌తో సరిచూడడం:

వాన లెక్క నదికి ఎగువన ఉన్న నేలను ఆధారం చేసుకున్నది. పూర్తిగా వేరైన ఆధారం నగరంలోనే ఉంది. పురానాపూల్ పొడవు సుమారు 600 అడుగులు. నదీగర్భం నుంచి ఎత్తు సుమారు 54 అడుగులు. ఈ కొలతలు వానతోగాని, పరీవాహక ప్రాంతంతోగాని సంబంధం లేనివి. అందువల్ల ఇది నిజమైన స్వతంత్ర పరీక్ష. ఒకే లెక్కను రెండుసార్లు చేయడం సరిచూపు కాదు. అదే పొరపాటు రెండోసారీ దొర్లుతుంది.

వంతెన కింద నీరు నిండుగా పారిందనుకుంటే అడ్డుకోత వైశాల్యం 32,400 చదరపు అడుగులు. 4,25,000ను దానితో భాగిస్తే సెకనుకు 13 అడుగులు. గంటకు సుమారు 14 కిలోమీటర్లు. వంతెన స్తంభాలు కొంత వైశాల్యాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి అసలు వేగం ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. వరద వంతెన పక్కల నుంచి కూడా పొర్లి పారింది కాబట్టి ఇంకొంచెం తక్కువ ఉండాలి. ఈ రెండు సవరణలూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయి. మహా వరదలో ఉన్న నదికి ఆ వేగం తీవ్రమైనదే అయినా సాధ్యమైనది.

ఇక్కడ కూడా సున్నాను అటూ ఇటూ జరిపి చూడవచ్చు. 42,50,000 క్యూసెక్కులైతే వేగం సెకనుకు 130 అడుగులు. నీరు ఆ వేగాన్ని పొందాలంటే దాదాపు 264 అడుగుల ఎత్తు నుంచి ఏ అడ్డూ లేకుండా పడాలి. చార్మినార్ మీనారుల శిఖరం నుంచి పడినా అంత వేగం రాదు. 42,500 క్యూసెక్కులైతే వేగం సెకనుకు 1.3 అడుగులు. మనిషి తీరికగా నడిచే నడక కూడా అంతకంటే వేగం. నిండు వరదలో నది అంత మందకొడిగా పారదు. అంత కొద్ది నీరు వంతెనను నింపదు కూడా.

వాన నుంచి ఒక దారిలో, రాతి వంతెన నుంచి మరొక దారిలో బయలుదేరితే రెండూ ఒకే పరిమాణక్రమం దగ్గర కలుస్తున్నాయి. 4,25,000 అన్న అంకెలోని 25 వేలను ఈ పరీక్షలు సమర్థించలేవు. మూడు లక్షలా, ఆరు లక్షలా అన్నది కూడా తేల్చలేవు. ఆ పని వివరమైన సర్వేది.

అలీ నవాజ్ జంగ్ సూత్రం, పరీక్షా గది:

మూసీ వరద తరువాతి తరంలో హైదరాబాదు సంస్థానపు నీటిపారుదల వ్యవస్థను తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు నవాబు అలీ నవాజ్ జంగ్ బహాదూర్. నిజాంసాగర్ ఆయన కృషి. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. దక్కను పరీవాహక ప్రాంతాల గరిష్ఠ వరదను అంచనా వేయడానికి ఆయన పేరిట ఉన్న సూత్రం నేటికీ జలశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో, పోటీ పరీక్షల్లో కనిపిస్తుంది. విస్తీర్ణం పెరిగేకొద్దీ ఘాతం తగ్గడం దాని ప్రత్యేకత. డికెన్స్ సూత్రంలో ఘాతం 0.75 వద్ద, రైవ్స్ సూత్రంలో మూడింట రెండువంతుల వద్ద స్థిరంగా ఉంటుంది. విశాలమైన ప్రాంతమంతటా ఒకేసారి కుండపోత కురవదన్న అనుభవాన్ని అలీ నవాజ్ జంగ్ సూత్రం ఘాతంలోనే ఇముడ్చుకున్నది.

మెట్రిక్ కొలమానంలో ఈ సూత్రం రెండు రూపాల్లో ప్రచారంలో ఉంది. Q సెకనుకు ఘనమీటర్లలో, A చదరపు కిలోమీటర్లలో.

```
(అ)  Q = C A^(0.993 - (1/14) log A)
(ఆ)  Q = C (0.386A)^(0.925 - (1/14) log 0.386A)
```

రెండింటికీ C విలువ 48 నుంచి 60 వరకు ఉంటుందని చెబుతారు. మూసీ పరీవాహక ప్రాంతం 2,233 చదరపు కిలోమీటర్లు. C = 48గా తీసుకుంటే (ఆ) రూపంలో ఘాతం 0.715, జవాబు దాదాపు 6,040 ఘనమీటర్లు. 1908 నాటి 4,25,000 క్యూసెక్కులు 12,030 ఘనమీటర్లకు సమానం కాబట్టి, సూత్రం ఆ మహా వరదలో సగాన్ని చూపుతున్నదన్నమాట. C = 60తో 7,550.

ముందు సులభంగా పట్టుబడే పొరపాటును చూద్దాం. సూత్రంలోని log పది ఆధారంగా గలది. విద్యార్థి కాలిక్యులేటరు మీద ln నొక్కితే ఘాతం 0.442కు పడిపోయి, C = 48 వద్ద జవాబు 954 ఘనమీటర్లు అవుతుంది. అంకె చూడడానికి పెద్దదే. ఒంటరిగా చూస్తే అనుమానం రాదు. కాని దానిని 33,700 క్యూసెక్కులుగా మార్చి ఎకరాలతో భాగిస్తే గంటకు 0.06 అంగుళం, అంటే మిల్లీమీటరున్నర. తుంపరకు మించిన ప్రవాహం కాదు. పురానాపూల్ దగ్గర నీటి వేగం సెకనుకు అడుగు. గరిష్ఠ వరదకు ఇది జవాబు కాదని చెప్పడానికి సూత్రాన్ని తిరిగి చూడనక్కర లేదు. తప్పు ఉన్నదని పరీక్ష చెబుతుంది. అది ఎక్కడున్నదో వెతుక్కోవడం వేరే పని.

రెండో సమస్య దీనికంటే మొండిది. (అ) రూపంలో C = 48తో అదే ప్రాంతానికి 16,060 ఘనమీటర్లు వస్తాయి. (ఆ) ఇచ్చినదానికి ఇది రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ. 1908 వరదను కూడా మూడోవంతు మించిపోతున్నది. ఒకే ఇంజనీరు పేరిట, ఒకే C విలువతో ఉన్న రెండు రూపాలు రెండు జవాబులిస్తే వాటిలో కనీసం ఒకటి తప్పు. అయినా పరిమాణక్రమ పరిశీలన ఇక్కడ రెండింటినీ వదిలేస్తుంది. 6,040, 16,060 రెండూ 12,030కి దగ్గరి బంధువులే. పది రెట్ల తప్పును పట్టే జల్లెడలో రెండున్నర రెట్ల తప్పు నిలవదు. పైగా వరద లెక్కలో ఎక్కువ చూపే జవాబు భద్రమైనదన్న భ్రమ ఒకటి పరీక్షకుల్లో కూడా ఉంది.

ఇటువంటి చోట సూత్రాన్ని దాని అంచుకు తీసుకువెళ్లి చూడడం మేలు. A = 1 అయినప్పుడు log సున్నా అవుతుంది, ఒకటికి ఎంత ఘాతమైనా ఒకటే. కనుక Q నేరుగా Cకి సమానం. (అ) ప్రకారం ఒక చదరపు కిలోమీటరు నుంచి 48 ఘనమీటర్లు రావాలి. పది లక్షల చదరపు మీటర్ల మీద అది గంటకు 173 మిల్లీమీటర్ల నీరు. వాన కాదు, ఇంకగా మిగిలి జారిన నీరు. గంటకు 100 మిల్లీమీటర్ల వాన కురిస్తేనే వాతావరణ శాఖ దానిని మేఘవిస్ఫోటంగా పరిగణిస్తుంది. (ఆ)లో 0.386A అన్నది చదరపు కిలోమీటర్లను చదరపు మైళ్లలోకి మార్చడమే కాబట్టి, 48 ఘనమీటర్లు ఒక చదరపు మైలు నుంచి, అంటే 2.59 చదరపు కిలోమీటర్ల నుంచి వస్తాయి. గంటకు 67 మిల్లీమీటర్లు. C = 60 అయినా 83. దక్కను పీఠభూమిలోని చిన్న వాగుకు ఇది తీవ్రమైనదే గాని ఊహకందేది.

దీని మూలం కూడా ఇక్కడే కనిపిస్తుంది. 48 ఘనమీటర్లు సుమారు 1,700 క్యూసెక్కులు, 60 సుమారు 2,120. చదరపు మైళ్లు, క్యూసెక్కులలో రాసిన పాత రూపంలో C విలువ ఉండే స్థాయి అదే. క్యూసెక్కులను ఘనమీటర్లుగా మార్చినప్పుడు C మారింది గాని, మైళ్లను కిలోమీటర్లుగా మార్చినప్పుడు మారలేదు. మార్పును పూర్తిగా జరిపితే, మైళ్లకు బదులు కిలోమీటర్లు పెట్టినప్పుడు ఘాతంలోని 0.925 కొంచెం పెరిగి 0.984 అవుతుంది. C మాత్రం 48 నుంచి 19కి, 60 నుంచి 24కి దిగాలి. (అ) రూపంలో ఘాతాన్ని సవరించినవారు C దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది. పరీక్షలో ఆ రూపమే ఇచ్చి, ఆ C విలువే ఇస్తే విద్యార్థి చేయగలిగింది లేదు. ఇచ్చినదానితో జవాబు రాయవలసిందే. ప్రశ్నపత్రం కూర్చే అధ్యాపకుడికి మాత్రం A = 1 పెట్టి చూడడానికి అర నిమిషం చాలు.

జలాశయాల పరిమితి:

విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటి పరీవాహక ప్రాంతాలు వరుసగా 285, 505 చదరపు మైళ్లు. నగరానికి ఎగువనున్న 862లో 790 మైళ్ల నీరు వీటి గుండా రావలసిందే. ఈ రెండు జలాశయాల వల్ల 1908 నాటి వరద మళ్లీ రాదని చరిత్ర రచనల్లోను, విద్యార్థుల జవాబుల్లోను తరచుగా చదువుతాం.

పూర్తి మట్టం వద్ద ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది దాదాపు 2.97. రెండూ ఖాళీగా ఉన్నాయనుకున్నా మొత్తం 6.87 టీఎంసీలు. దీనిని 790 చదరపు మైళ్ల మీద పరిస్తే మూడుముప్పావు అంగుళాల నీరు. శంషాబాదులో ఒక్క రోజున కురిసింది 12.8. కాబట్టి ఆ జలాశయాలు అలాంటి వరదను కడుపులో దాచుకోలేవు. పూర్తి మట్టానికి పైన కొంతసేపు నీటిని ఆపి, శిఖరాన్ని చదును చేసి, గేట్ల ద్వారా క్రమబద్ధంగా వదలడమే వాటి పని. ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17 వరద గేట్లు ఉన్నది అందుకే. సెప్టెంబరు చివరి వారానికి, తాగునీటి కోసం రెండింటినీ నింపి ఉంచిన సంవత్సరంలో, ఆ మూడుముప్పావు అంగుళాల చోటు కూడా మిగలదు. అప్పుడు పాతనగరానికి చేరే ప్రవాహం గేట్లు ఎప్పుడు, ఎన్ని అడుగుల మేర ఎత్తారన్న దాని మీద ఆధారపడుతుంది.